ఖాళీ గళ్ళున్న టైమ్‌టేబుల్: పదో తరగతి వీడియో స్క్రిప్టు డైరీ

నవంబరు చివరి వారం

ఆంధ్రప్రదేశ్‌లో ఈసారి పదో తరగతి పబ్లిక్ పరీక్షలు రాసే పిల్లల కోసం ఆరు నిమిషాల వీడియో చేద్దామని మొదలుపెట్టాను. లెక్కల టీచర్ని కాబట్టి చెప్పాలనిపించేవి చాలా ఉంటాయి. ఆరు నిమిషాల్లో పట్టేది మాత్రం ఒక్కటే. జనవరి నుంచి మార్చి దాకా ఇంటి దగ్గర చదువుకునే వేళల్ని వారానికి ఎలా సర్దుకోవాలన్నదే నేను తీసుకున్నాను. చూసేవాళ్ళు ఎవరన్నది కూడా తేల్చుకున్నాను. బడి, ఆ తర్వాత స్పెషల్ క్లాసు అయ్యాక ఆరు గంటలకు ఇంటికొచ్చే పిల్లలు వీళ్ళు. హాస్టల్లో ఉండేవాళ్ళకు గంటగంటకీ బెల్లు కొడతారు, వాళ్ళ చేతుల్లో ఉండే సమయం వేరు. వాళ్ళకు ఈ స్క్రిప్టు సరిపోదు.

పిల్లల పుస్తకాల వెనక అట్టల మీద అంటించి ఉన్న టైమ్‌టేబుళ్ళు నాలుగైదు అడిగి తీసుకుని చూశాను. రాతలు వేరైనా పోలిక ఒకటే. తెల్లవారుజామున 4కి లేవడం, రాత్రి 11కి పడుకోవడం, మధ్యలో ఒక్క గడి కూడా ఖాళీ లేకపోవడం. సోమవారం చుట్టాలొస్తే మంగళవారానికి రెండు రోజుల బరువు మీద పడుతుంది. గురువారానికల్లా ఆ కాగితం వైపు చూడటం మానేస్తారు. కాగితం పోతే పోయింది, దాంతో పాటు ‘నావల్ల కాదు’ అన్న మాట ఒకటి మనసులో మిగిలిపోతుంది.

స్క్రిప్టుకి దారి ఇక్కడే దొరికింది. మెత్తగా మాట్లాడినంత మాత్రాన ఒత్తిడి తగ్గదు. ‘కంగారు పడకమ్మా’ అని తియ్యగా చెప్పి, చేతిలో 19 గంటల టైమ్‌టేబుల్ పెడితే ఆ మాటకు విలువేముంది? ఒత్తిడి కూడికల్లో ఉంటుంది. పని పూర్తి కావడానికి పట్టే సమయాన్ని మనుషులు తక్కువగా లెక్కేసుకుంటారని కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. పదిహేనేళ్ళ పిల్లలు కూడా అంతే. కాబట్టి రెండు రోజులు తప్పినా కూలిపోని టైమ్‌టేబుల్ ముందు తయారు కావాలి, మాటలు ఆ తర్వాత.

డిసెంబరు మొదటి వారం: గళ్ళు లెక్కపెట్టడం

మా అన్నయ్య కూతురు ఈసారే పది రాస్తోంది. దాని రోజునే నమూనాగా తీసుకున్నాను. ‘రోజుకి ఎన్ని గంటలు చదవగలవు?’ అని అడిగితే ఆరు అంది. ‘నిన్న ఎన్ని చదివావు?’ అంటే కాసేపు ఆలోచించి రెండు అంది. స్క్రిప్టులో నిన్నటి లెక్కే వాడాలని అప్పుడే రాసుకున్నాను.

గంటలు వదిలేసి విడతలు పెట్టాను. ఒక విడత అంటే 40 నిమిషాలు. బడి ఉన్న రోజు సాయంత్రం మూడు విడతలు: 6:45 నుంచి 7:25, 7:35 నుంచి 8:15, అన్నం తిన్నాక 8:50 నుంచి 9:30. పదింటికి పడుకుంటే ఆరింటికి లేవొచ్చు. ఈ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్తారు. అందులో తక్కువ అంచు ఎనిమిది, అదైనా దక్కుతుంది. తెల్లవారుజామున లేచి చదివితేనే బుర్రకెక్కుతుందని మన ఇళ్ళల్లో గట్టి నమ్మకం. రాత్రి పెందలాడే పడుకునే పిల్లలకు అది సరిపడొచ్చు. పదకొండుకి పడుకుని నాలుగుకి లేచేవాళ్ళు మూడో పీరియడ్‌లో తూగడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

సోమవారం నుంచి శనివారం దాకా రోజుకి మూడు చొప్పున 18, ఆదివారం నాలుగు, వెరసి వారానికి 22 విడతలు. ఇందులో నాలుగింటిని ముందే ఖాళీగా వదిలేశాను: బుధవారం చివరిది, శనివారం చివరిది, ఆదివారం రెండు. మిగిలిన 18లో లెక్కలకు 5, ఫిజికల్ సైన్సుకు 3, సోషల్‌కు 3, బయాలజీకి 2, తెలుగుకు 2, ఇంగ్లిష్‌కు 2, హిందీకి 1. ఇది మా మేనకోడలి పంపకం. లెక్కల దగ్గర అది ఆగిపోతుంది కాబట్టి అక్కడ అయిదు పెట్టాం, సోషల్ దగ్గర ఆగేవాళ్ళు అటు జరుపుకోవచ్చు. రెండు షరతులు మాత్రం స్క్రిప్టులో పెట్టాను. ఒకే రోజు ఒకే సబ్జెక్టుకు రెండు విడతలు ఇవ్వకూడదు. కష్టంగా ఉండే సబ్జెక్టును చివరి విడతలో పెట్టకూడదు.

స్క్రిప్టులో ఈ భాగం ఇలా కుదిరింది:

‘నిన్న నువ్వు నిజంగా ఎంతసేపు చదివావో గుర్తు చేసుకో. రెండు గంటలా? గంటన్నరా? ఏదైనా పర్లేదు, ఆ లెక్కతోనే మొదలుపెడదాం. ఒక కాగితం తీసుకుని వారానికి 22 గళ్ళు గియ్యి. అందులో నాలుగు ఖాళీగా వదిలెయ్యి. అవి మర్చిపోయి వదిలేసినవి కాదు, కావాలని వదిలినవి. ఎందుకో ఇంకో నిమిషంలో చెప్తాను.’

డిసెంబరు రెండో వారం: జ్వరం పరీక్ష

టైమ్‌టేబుల్‌ని కాగితం మీదే పడగొట్టి చూశాను. మంగళ, బుధవారాలు జ్వరమనుకుందాం. మంగళవారం లెక్కలు, సోషల్, ఇంగ్లిష్ పోయాయి. బుధవారం ఫిజికల్ సైన్సు, తెలుగు పోయాయి, మూడోది ఎలాగూ ఖాళీ. అంటే పోయిన విడతలు అయిదు. ఆ వారంలో మిగిలిన ఖాళీలు మూడు, శనివారం ఒకటి, ఆదివారం రెండు. లెక్కలు, సోషల్, ఫిజికల్ సైన్సు వాటిలోకి వెళ్ళాయి. ఇంగ్లిష్, తెలుగు మిగిలాయి. ఆ రెంటికీ అదే వారంలో ఇంకో విడత చొప్పున ఉంది కాబట్టి పోయినవాటిని పోనిచ్చాను.

అసలు చిక్కు ఈ ‘పోనివ్వడం’ దగ్గరే వచ్చింది. మిగిలినదాన్ని పక్క వారానికి మోస్తే ఆ వారం ఖాళీలు మొదటి రోజే నిండిపోతాయి. ఇంకో వారం గడిస్తే మళ్ళీ పాత టైమ్‌టేబులే తయారవుతుంది. అందుకని, వారం దాటిన బాకీ రద్దు అని రూలు పెట్టాను. దీనికొక హద్దు ఉంది. జనవరికి చాలా బళ్ళలో సిలబస్ పూర్తవుతుంది, ఇంటి దగ్గర జరిగేది ఎక్కువగా రివిజనే. రివిజన్ విడత ఒకటి పోతే ఆ పాఠం మరోసారి ఎలాగూ ఎదురవుతుంది. కానీ పోయింది కొత్తగా చెప్పిన పాఠమైతే అలా వదలకూడదు, పక్క వారం మొదటి ఖాళీలో పెట్టుకోవాలి. అదొక్కటే మినహాయింపు.

తెర మీద ఇది చూపించడానికి గళ్ళ కాగితం మీద పసుపు రంగు చీటీలు వాడాలనుకుంటున్నాను. పోయిన విడతల చీటీలు చేత్తో తీసి ఖాళీల్లో పెట్టడం, మిగిలిన రెండూ మడిచి పక్కన పడేయడం. ఈ భాగమంతా మాట తక్కువ, చెయ్యి ఎక్కువ. మాట ఇంతే:

‘రెండు రోజులు పోయాయి. అయిదు విడతలు పోయాయి. ఇక్కడ మూడు ఖాళీలున్నాయి. ముందు ఏవి పెడతావ్? నువ్వు ఎక్కువగా ఆగిపోయేవి. మిగతా రెండూ? వదిలెయ్. ఆదివారం రాత్రితో ఈ వారం బాకీ తీరిపోయింది. సోమవారం కొత్త కాగితం.’

‘ఈ వారం’ అన్నాక ఒక సెకను ఆగాలని పక్కన గుర్తు పెట్టుకున్నాను.

డిసెంబరు మూడో వారం: పుస్తకం మూసే పది నిమిషాలు

40 నిమిషాల విడతలో ఏం చెయ్యాలన్నది ఇవాళ రాశాను. మొదటి పది నిమిషాలు పుస్తకం మూసి, క్రితంసారి ఆ సబ్జెక్టులో చదివిందాంట్లో గుర్తున్నది తెల్లకాగితం మీద రాయాలి. తర్వాత 25 నిమిషాలు ఆ రోజు పని. చివరి అయిదు నిమిషాల్లో మర్నాడు బళ్ళో అడగాల్సిన ప్రశ్న ఒకటి రాసుకోవాలి.

ఆ మొదటి పది నిమిషాలకు ఆధారం ఉంది. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. ఒక గుంపు దాన్నే నాలుగుసార్లు చదివింది. ఇంకో గుంపు ఒక్కసారి చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసింది. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్ళకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్ళకు 71 శాతం. వారం తర్వాత అడిగితే చదివినవాళ్ళు 40 శాతానికి పడిపోయారు, రాసినవాళ్ళు 61 శాతం దగ్గర నిలబడ్డారు. పరీక్ష మనం చదివిన అయిదు నిమిషాలకు రాదు కదా. వాళ్ళ ప్రయోగం వచనం మీద జరిగింది. లెక్కలకు దీన్ని వాడాలంటే పాఠం గుర్తు తెచ్చుకోవడానికి బదులు పాత లెక్క ఒకటి చూడకుండా చెయ్యమంటాను.

అంకెలన్నీ స్క్రిప్టులో పెడితే అది పాఠమైపోతుంది. వాటిని తీసేసి ఒక్క వాక్యం ఉంచాను. ఇబ్బంది అది కాదు. సలహా మంచిదే గానీ చేసేటప్పుడు భయం వేస్తుంది. కిరణజన్య సంయోగక్రియ నాలుగుసార్లు చదివిన పిల్లకు అంతా వచ్చినట్టే ఉంటుంది. పుస్తకం మూసి కాగితం తీస్తే మూడు ముక్కలు గుర్తొస్తాయి. ‘ఇంతసేపు చదివింది ఏమైపోయింది?’ అని గుండె జారిపోతుంది, మర్నాటి నుంచి మళ్ళీ చదవడంలోకే వెళ్ళిపోతుంది. మా మేనకోడలు సరిగ్గా అదే చేసింది. ‘అత్తా, ఇది చేస్తే నాకేమీ రాదని తెలుస్తోంది, చెయ్యకపోతేనే బాగుంది’ అంది. ఇంత సూటిగా ఏ టీచర్ల సమావేశంలోనూ ఎవరూ చెప్పరు.

కాబట్టి ఆ పద్ధతి చెప్పే ముందే, అది చేసేటప్పుడు ఎలా ఉంటుందో చెప్పాలి. తిరగరాసింది ఇది:

‘పుస్తకం మూసి రాయడం మొదలుపెట్టగానే సగం గుర్తు రాదు. మొదటిసారి సగం కన్నా తక్కువే వస్తుంది. అందరికీ అంతే. గుర్తు రాక కాసేపు తడుముకుంటావు చూడు, ఆ తడుముకోవడమే తర్వాత గుర్తుండేలా చేస్తుంది. పది నిమిషాలయ్యాక పుస్తకం తెరిచి, రానివి వేరే రంగు పెన్నుతో అదే కాగితం మీద రాయి. వారం తర్వాత అదే పాఠం మళ్ళీ రాసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకో.’

వేరే రంగు పెన్ను ముందు అనుకున్నది కాదు, ఎరుపు వద్దనుకున్నాక వచ్చింది. ఎర్ర సిరా అంటే తప్పులు దిద్దడమే కదా. ఆకుపచ్చ పెన్ను చూపిస్తాం.

క్రిస్మస్ సెలవుల్లో: లెక్కల పేపరు మీద నలభై సెకన్లు

లెక్కలంటే భయపడేవాళ్ళ కోసం నలభై సెకన్లు కేటాయించాను. 2024 పదో తరగతి లెక్కల పేపరు 100 మార్కులకు 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. పాస్ మార్కు 35. చిన్న ప్రశ్నలు, అంటే మొదటి రెండు సెక్షన్లు కలిపితేనే 28 మార్కులు. వాటిలో 20 తెచ్చుకున్న పిల్లకు నాలుగు మార్కుల లెక్కలు నాలుగు చేస్తే 36 అవుతాయి. లెక్క మొత్తం రాకపోయినా చేసిన మెట్టుకు మార్కులుంటాయి, అవి అదనం.

ఈ అంకెలు పెట్టాలా వద్దా అని కొంత తటపటాయించాను. 35 గురించి మాట్లాడితే పిల్లల్ని తక్కువ చేసినట్టు అనిపిస్తుంది. కానీ లెక్కల పేపరు చూసి బిగుసుకుపోయే పిల్లలు 90 గురించి ఆలోచించరు, తప్పుతానేమోనన్న ఆలోచన ఒక్కటే తిరుగుతూ ఉంటుంది. కాళ్ళ కింద నేల ఎక్కడుందో తెలిస్తే ఎనిమిది మార్కుల లెక్క మీద చెయ్యి వేసే ధైర్యం వస్తుంది. అందుకే ఉంచాను. ‘పాసైతే చాలు’ అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ప్రశ్నపత్రం తీరు మారొచ్చు కాబట్టి, ఈ ఏడాది మోడల్ పేపరు పక్కన పెట్టుకుని ఇదే లెక్క చేసుకోమని ఒక ముక్క కలిపాను.

టైమ్‌టేబుల్లోని లెక్కల అయిదు విడతల్లో రెండు చిన్న ప్రశ్నలకు, మూడు పెద్దవాటికి అన్నది ఇక్కడి నుంచే వచ్చింది.

సంక్రాంతికి ముందు: గట్టిగా చదివి చూడటం

స్క్రిప్టు మొత్తం స్టాప్‌వాచ్ పెట్టుకుని చదివాను. తీరిగ్గా మాట్లాడితే నిమిషానికి వంద మాటల దాకా వస్తాయి. ఆరు నిమిషాలకు ఆరు వందలు పడతాయి గానీ, పిల్లలు కాగితం తీసి గళ్ళు గీసుకోవాలి కదా. అందుకని అయిదు వందల దగ్గర ఆపాను. టైమ్‌టేబుల్ తెర మీద కదలకుండా పన్నెండు సెకన్లు ఉంటుంది, మాట లేకుండా. స్క్రిప్టులో ఎడమ వరసలో కనిపించేది, కుడి వరసలో వినిపించేది. ఆ పన్నెండు సెకన్ల దగ్గర కుడి వరస ఖాళీ.

మా అన్నయ్య ఇంట్లో మేనకోడలికి, దాని ఇద్దరు స్నేహితురాళ్ళకు చదివి వినిపించాను. ‘బాగుందా’ అని అడగలేదు. విన్నాక ఒక్కొక్కరికీ కాగితం ఇచ్చి, ఇప్పుడు ఏం చేస్తారో చెయ్యమన్నాను. ఇద్దరు గళ్ళు గీశారు. మూడో పిల్ల ‘నేను ఆలస్యం అయిపోయానా ఆంటీ?’ అని అడిగింది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందా అని వెనక్కి వెళ్తే, మొదటి నిమిషంలో ‘పరీక్షలకు ఇంకా రెండు నెలలుంది’ అన్న వాక్యం దొరికింది. ధైర్యం చెబుదామని రాసిందే. పిల్ల చెవికి మాత్రం గడియారం వినిపించింది. పైగా మార్చి మొదట్లో ఈ వీడియో చూసేవాళ్ళకు అది అబద్ధం కూడా. తీసేశాను. ఎప్పుడు మొదలుపెట్టినా వారం లెక్కే కాబట్టి రోజుల ఊసే అక్కర్లేదు. ‘టాపర్లు ఇలా చేస్తారు’, ‘మీ అమ్మానాన్నల కష్టం గుర్తు పెట్టుకో’ లాంటివి మొదటి నుంచీ లేవు. రెండోది విన్న పిల్లలు ఆ పూట చదువుతారేమో గానీ, మార్కులు తగ్గిన రోజు ఇంట్లో తల ఎత్తలేరు.

ఇంతలో మా అన్నయ్య వచ్చి కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ‘ఈ నాలుగూ ఎందుకు వదిలేశావే? మ్యాథ్స్ రాసెయ్’ అని పెన్ను తీశాడు. అంతదాకా నా స్క్రిప్టులో పెద్దవాళ్ళ కోసం ఒక్క మాట లేదు. వీడియో చాలాసార్లు అమ్మదో నాన్నదో ఫోన్లోనే ఆడుతుంది, పక్కన వాళ్ళూ ఉంటారు. ఖాళీల సంగతి చెప్పిన వెంటనే ఇది చేర్చాను:

‘పక్కన అమ్మగానీ నాన్నగారుగానీ ఉంటే వాళ్ళకొక మాట. ఆ నాలుగు ఖాళీ గళ్ళు మీ పిల్ల బద్ధకం కాదండీ. జ్వరం వచ్చినా, కరెంటు పోయినా, ఇంటికి చుట్టాలొచ్చినా ఈ కాగితాన్ని కాపాడేవి అవే. దయచేసి వాటిని నింపకండి. ఆ వారం వాటి అవసరం రాకపోతే ఆడుకోనివ్వండి.’

చివరి వాక్యం దగ్గర మా అన్నయ్య ముఖం చిట్లించాడు. నేనైతే మార్చలేదు.

జనవరి చివర: రికార్డింగు

ఫోనుతోనే తీశాం, కాలరు మైకు ఒక్కటే కొత్తగా కొన్నాను. ఎడిటింగ్ చేస్తున్నది నా దగ్గర చదువుకున్న కుర్రాడు. వెనక టిక్ టిక్ అనే సంగీతం పెట్టి తెచ్చాడు, ఉత్సాహంగా ఉంటుందని. అది తీయించి, మాట మీద ఏ శబ్దమూ లేకుండా ఉంచమన్నాను. థంబ్‌నెయిల్ దగ్గర పేచీ పెద్దదే అయ్యింది. ‘మేడమ్, 30 రోజుల్లో 550 అని పెడితేనే నొక్కుతారు’ అన్నాడు. అతని మాట అబద్ధం కాదు. కానీ 600కి 550 అన్న బోర్డు చూసి లోపలికొచ్చిన పిల్లకు లోపల దొరికేది అది కాదు, బయట నిలబడిపోయిన పిల్ల కోసమే కదా ఈ వీడియో. చివరికి గళ్ళ కాగితం ఫొటో, నాలుగు ఖాళీలు పసుపు రంగులో, పైన ‘రెండు రోజులు తప్పినా చెడని టైమ్‌టేబుల్’ అని పెట్టాం. నొక్కేవాళ్ళు తక్కువే ఉండొచ్చు, అతను ఆ మాట రెండుసార్లు అన్నాడు కూడా.

టెలి మానస్ నంబరు 14416 ఎక్కడ పెట్టాలన్నది ఆఖర్న తేలింది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఇది, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. వీడియో అంతమయ్యాక నల్ల తెర మీద పెడితే ఏదో ప్రమాద హెచ్చరికలా ఉంది. దాన్ని ‘మర్నాడు బళ్ళో అడగాల్సిన ప్రశ్న’ చోటికి జరిపాను. ‘పాఠం అర్థం కాకపోతే టీచర్ని అడుగుతావు. నిద్ర పట్టకపోతే, తిండి సహించకపోతే, ఊరికే ఏడుపొస్తుంటే ఇంట్లో ఎవరికైనా చెప్పు, లేదా 14416కి ఫోన్ చెయ్యి’ అని అదే గొంతుతో చెప్పాను. నంబరు కింద ఎనిమిది సెకన్లు ఉంటుంది.

టైమ్‌టేబుల్ గళ్ళ కాగితాన్ని ఒక పేజీగా చేసి వీడియో కింద పెడుతున్నాం, ప్రింటు తీయలేనివాళ్ళు చూసి గీసుకోవచ్చు. ఇప్పటికి మిగిలిన పని సబ్‌టైటిళ్ళు. అవయ్యాక ఇంకో చిన్న స్క్రిప్టు రాయాలి. పరీక్షలు మొదలయ్యాక పేపరుకీ పేపరుకీ మధ్య దొరికే ఖాళీ రోజులకు ఈ 22 గళ్ళ లెక్క పనిచేయదు, అక్కడ రోజును విడిగా విడతలు చేసుకోవాలి. మా మేనకోడలి చేత హాల్‌టికెట్టు వచ్చాక ఆ తేదీలతో గీయించి చూస్తాను.